చెయ్యికి రెండు చీటీలు

జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారనగా స్టేషనరీ కొట్లలో రంగు చార్టుల బేరం జోరందుకుంటుంది. కొనేవాళ్లలో ఎక్కువమంది ప్రాథమిక పాఠశాల టీచర్లే. ఆ సాయంత్రం ఇంట్లో చార్టులు నేల మీద పరుస్తారు, స్కేలు పెట్టి కోస్తారు, స్కెచ్ పెన్నుతో రాస్తారు, మర్నాడు తీసుకెళ్లి తరగతి గదిలో అంటిస్తారు. తలుపు మీద తలుపు–డోర్, కిటికీ మీద కిటికీ–విండో, గోడ మీద గోడ–వాల్. జులై వానలకు గోడ చెమ్మెక్కి టేపు ఊడుతుంది, చీటీ ఒక మూల వేలాడుతుంది. ఆగస్టుకల్లా దాని వంక చూసేవాళ్లే ఉండరు.

ఈ చీటీల అవసరం ఈమధ్య ఎక్కువైంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బళ్లను ఇంగ్లీషు మీడియానికి మార్చాలన్న ఉత్తర్వు 2019 నవంబరులో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. కోర్టుల సంగతి ఎలా ఉన్నా, ఒక పుటలో ఇంగ్లీషు, ఎదురు పుటలో అదే పాఠం తెలుగులో ఉన్న పుస్తకాలు పిల్లల సంచుల్లోకి వచ్చేశాయి. తెలంగాణలో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది, అక్కడా ఇలాంటి జంట పుస్తకాలే ఇచ్చారు. పుస్తకాలు పైనుంచి వచ్చాయి. కార్డులూ చీటీలూ మాత్రం టీచరు చేతుల్లోంచే రావాలి. టీచర్ల భాషలో వాటి పేరు టీఎల్‌ఎం.

గోడ మీది చీటీ బతికుందో లేదో తేల్చే చిన్న పరీక్ష ఒకటుంది. ఒక ఉదయం పిల్లలు రాకముందే తలుపు చీటీని కిటికీకి, కిటికీ చీటీని తలుపుకి మార్చి అంటించాలి. ఏమీ ఎరగనట్టు పాఠం మొదలుపెట్టాలి. ఇంటర్వెల్ గంటలోపు ఏ పిల్లవాడో లేచి “టీచర్, తప్పు పెట్టారు” అంటే చీటీలు పనిచేస్తున్నట్టే. సాయంత్రం దాకా ఎవరూ నోరెత్తకపోతే అవి గోడకు సున్నం లాంటివి, ఉన్నా కనపడవు.

కనపడకపోవడానికి కారణాలు చాలావరకు మామూలువే. పెద్దవాళ్లు తమ కంటి ఎత్తులో అంటిస్తారు. ఒకటో తరగతి పిల్లల కళ్లు నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటాయి. అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలన్నదానికి బోర్డులు రాసేవాళ్ల మోటు లెక్క ఒకటుంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. ఇరవై అడుగుల గదిలో చివరి వరుస పిల్లలకు కనపడాలంటే రెండంగుళాల అక్షరం కావాలి. పైగా తెలుగుకు ఇంగ్లీషు కన్నా చోటు ఎక్కువ పడుతుంది. పైన గుడి, దీర్ఘం, కింద వత్తు ఉంటాయి కదా. రెండు భాషలకూ ఒకే ఎత్తు గీతలు గీసి రాస్తే “రొట్టె”లో వత్తు కింది ఇంగ్లీషు మాట నెత్తిన కూర్చుంటుంది.

ఇవన్నీ సరిచేసినా, కదలని చీటీ నెలలో చచ్చిపోతుంది. అందుకని కొందరు టీచర్లు చీటీలను గోడకు అంటించకుండా డబ్బాలో ఉంచుతారు. రోజూ ప్రార్థన అయ్యాక ఇద్దరు పిల్లలు డబ్బా తీసి, చదువుకుంటూ, వేటి చోట వాటిని తగిలించాలి. సాయంత్రం మరో ఇద్దరు తీసి డబ్బాలో వెయ్యాలి. ఒక్క మేకు, చీటీకి ఒక చిల్లు ఉంటే సరిపోతుంది. తగిలించాలంటే చదవక తప్పదు.

ఇంకో మార్పు కూడా బాగా పనికొస్తుంది. వస్తువు పేరు బదులు ఆ వస్తువుతో చేసే పని రాయడం. “తలుపు–డోర్” అని రాస్తే అది తలుపని పిల్లలకు తెలిసిందే. “తలుపు వెయ్యి–షట్ ద డోర్” అని రాస్తే రోజుకు పదిసార్లు వాడుకునే వాక్యం చేతికొస్తుంది. లోపల, కింద, మీద లాంటి మాటలకైతే ఇలా రాయక తప్పదు. ఇంగ్లీషులో ఆ మాట వస్తువుకు ముందు విడిగా నిలబడుతుంది, తెలుగులో వెనక్కి వెళ్తుంది, ఒక్కోసారి అతుక్కుపోతుంది కూడా. “ఇన్ అంటే లో” అని కార్డు రాస్తే ఆ ఒంటరి “లో”తో పిల్లవాడు చేసుకునేదేముంది? “ఇన్ ద బాక్స్–పెట్టెలో” అని మొత్తంగా ఇస్తే మాట చోటు మారిందని వాడి కంటికే తెలుస్తుంది.

ఇక చేతిలో పట్టుకునే కార్డుల సంగతి. వీటితో వచ్చే చిక్కు తెలుగు వైపే మొదలవుతుంది, ఇది చాలామంది ఊహించనిది.

మొదటి తప్పు తెలుగు లిపిలో ఇంగ్లీషు రాయడం. ఒకవైపు కుర్చీ బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాల్లో మాట, దాని కింద తెలుగులో “చైర్”. ఉచ్చారణ కోసమని వేస్తారు, ఉద్దేశం మంచిదే. కానీ పిల్లవాడి కన్ను తనకు చదవడం వచ్చిన లిపి మీదికే పోతుంది. ఇంగ్లీషు అక్షరాలు కార్డుకు అలంకారంగా మిగిలిపోతాయి. ఏడాది తర్వాత వాడికి “చైర్” అనడం వస్తుంది, పుస్తకంలో ఆ మాట ఎదురైతే గుర్తుపట్టడం రాదు. పైగా తెలుగు లిపి మోయలేని తేడాలు కొన్నున్నాయి. బనియనుకూ పడమరకూ ఇంగ్లీషులో మాటలు వేరు, తెలుగులో రాస్తే రెండూ “వెస్ట్” అవుతాయి. ఉచ్చారణ టీచరు నోటి నుంచి రావాలి. కార్డు మీద ఇంగ్లీషు ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగు అర్థం తెలుగులో ఉండాలి, అదీ వెనకవైపు. ముందువైపు చూసి కాసేపు ఆలోచించి, గుర్తు తెచ్చుకుని, ఆ తర్వాతే తిప్పి చూసుకోవాలి. జ్ఞాపకం గట్టిపడేది ఆ కొన్ని క్షణాల తడుములాటలోనే.

రెండో తప్పు కాస్త లోతైంది. తెలుగు వైపు ఎవరి తెలుగు రాయాలి? సొరకాయ అని అచ్చువేసిన కార్డును తెలంగాణ పల్లెలో పిల్లకు చూపిస్తే, బొమ్మ చూసి “ఆనిగెపుకాయ” అంటుంది. వేరుశనగ అన్న కార్డు పట్టుకుంటే ఒకచోట పల్లీలు, ఒకచోట శనక్కాయలు, మరోచోట బుడ్డలు అంటారు. అప్పుడా పిల్ల మీద రెండు బరువులు పడతాయి, ఇంగ్లీషు మాటతోపాటు పుస్తకం తెలుగు కూడా. జంట పుస్తకాల్లో ఇది మరీ తేటగా కనిపిస్తుంది. ఎదురు పుటలో అర్థం ఉంది కదా అని చూస్తే అక్కడ “బాష్పీభవనం” అని ఉంటుంది. ఇంట్లో ఆ మాట ఎవరంటారు? బట్టలు ఆరతాయి, చెరువు ఎండుతుంది, గిన్నెలో నీళ్లు ఆవిరైపోతాయి. ఎవాపరేషన్ అన్న కార్డు వెనక “తడి బట్టలు ఆరడం” అని రాసి, దండెం మీద చొక్కా బొమ్మ వేస్తే పని సగం అయినట్టే. బాష్పీభవనాన్ని కింద చిన్న అక్షరాల్లో రాసుకోవచ్చు, అది ఎలాగూ నేర్చుకోవలసిన మాటే.

మూడోది తప్పని కూడా అనలేం, అది రెండు భాషల స్వభావం. “హ్యాండ్–చెయ్యి” అన్న కార్డు లేని సెట్టు ఎక్కడా ఉండదు. కానీ ఇంగ్లీషులో మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా ఒక మాట, భుజం నుంచి ఉన్నదానికి ఇంకో మాట, ఆర్మ్. మనకు రెండూ చెయ్యే. చేతిలో పెన్ను పట్టుకుంటాం, చెయ్యి విరిగింది అంటాం. కాలు కూడా ఇంతే. ముల్లు గుచ్చుకున్నదీ కాలే, ఫుట్‌బాల్ ఆడుతూ తొడ దగ్గర పట్టేసినదీ కాలే. ఇంగ్లీషువాళ్లు ఫుట్, లెగ్ అని విడదీస్తారు. ఒక్క కార్డుతో నేర్చుకున్న పిల్ల తర్వాత “మై హ్యాండ్ ఈజ్ బ్రోకెన్” అంటుంది, మోచేతికి కట్టు చూపిస్తూ.

ఇటువంటి చోట్ల బొమ్మలో మొత్తం చెయ్యి గీసి, మాట వర్తించే భాగానికి మాత్రమే రంగు వెయ్యాలి. రెండు కార్డులు చెయ్యాలి, రెండింటి వెనకా చెయ్యి అనే రాయాలి. బొమ్మలో దేనికి ఏ మాటో చూపే ఈ ఉపాయం పాతదే. చెక్ విద్యావేత్త కొమేనియస్ 1658లో నురెంబర్గ్‌లో అచ్చువేయించిన బొమ్మల పుస్తకంలో లాటిన్, జర్మన్ భాషలు పక్కపక్కన ఉంటాయి. బొమ్మలో ప్రతి వస్తువు మీదా ఒక అంకె, కింద వాక్యంలో ఆ వస్తువు పేరు పక్కన అదే అంకె. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ అంకె చెబుతుంది. మూడున్నర శతాబ్దాల తర్వాత మన బజారులో దొరికే ఫ్లాష్ కార్డుల్లో ఆ మాత్రం శ్రద్ధ కూడా కనపడదు. చేతి బొమ్మ గీసి చేతులు దులుపుకుంటారు.

అసలు ఏ మాటలకు కార్డులు చెయ్యాలి? అమ్మే సెట్లలో పండ్లు, జంతువులు, రంగులు, వాహనాలు ఉంటాయి. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ పిల్లలు పాఠంలో బోల్తాపడేది వాటి దగ్గర కాదు. ఏనుగును ఎలిఫెంట్ అంటారని మీడియం మారకముందే చాలామందికి తెలుసు. మూడో తరగతి లెక్కల పరీక్షలో ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకుందాం: “దేర్ ఆర్ ఫైవ్ ఇడ్లీస్. రవి ఈట్స్ టూ. హౌ మెనీ ఆర్ లెఫ్ట్?” ఐదులోంచి రెండు తీసెయ్యడం పిల్లకు ఎప్పుడో వచ్చు. ఇడ్లీ తెలుసు, ఫైవ్ తెలుసు, టూ తెలుసు. లెఫ్ట్ అంటే ఎడమ అని కూడా తెలుసు, డ్రిల్లు క్లాసులో నేర్పారు. ఎడమవైపు ఎన్ని? బొమ్మ చూస్తే ఎడమవైపు రెండు ఉన్నాయి. రెండు అని రాస్తుంది. తీసివేత రాలేదని టీచరు ఎర్ర ఇంకు పెడతారు.

ఆ పిల్లకు కావలసినవి చిన్న చిన్న మాటలు. లెక్కను అడిగే మాటలు, పని చెప్పే మాటలు. మిగిలినవి, మొత్తం, తలా, కన్నా ఎక్కువ, సున్నా చుట్టు, జతపరచు. వీటికి బొమ్మ గీయడం కష్టం కాబట్టే అమ్మే సెట్లలో ఉండవు. చేత్తో చేసుకోవాల్సింది వీటినే.

ఒక నెల ఎలా నడుస్తుందో చూద్దాం. మామూలు చార్టు 22 అంగుళాలు, 28 అంగుళాలు ఉంటుంది. మూడంగుళాల వెడల్పు, ఐదంగుళాల పొడవుతో కోస్తే 36 కార్డులు వస్తాయి. వారానికి ఎనిమిది మాటలు చొప్పున నెలకు 32. నాలుగు కార్డులు తప్పులు రాసి పారేసుకోవడానికి ఉంటాయి. ఎనిమిది కన్నా ఎక్కువ పెడితే గురువారం నాటికి గందరగోళమే.

మొదటి వారం తీసివేత పాఠం. లెఫ్ట్ కార్డు ముందువైపు పళ్లెం బొమ్మ, రెండు ఇడ్లీల చోట చుక్కల గీత, మూడు నిండుగా ఉంటాయి. కింద ఇంగ్లీషులో “త్రీ ఇడ్లీస్ ఆర్ లెఫ్ట్” అని వాక్యం, అందులో లెఫ్ట్ కింద గీత. వెనక “మూడు ఇడ్లీలు మిగిలాయి.” ఈచ్ అన్న మాటకు నిఘంటువు “ప్రతి ఒక్కటి” అంటుంది, కానీ తెలుగు ఇంట్లో పంచిపెట్టేటప్పుడు ఆ మాట వినపడదు. “గివ్ ఈచ్ చైల్డ్ టూ” వెనక “తలా రెండు ఇవ్వు” అని రాయాలి. పిల్ల నవ్వుతుంది, ఎందుకంటే అది వాళ్ల అమ్మ మాట.

ఒకదానికొకటి పోలిన మాటలనూ ఎదురెదురు మాటలనూ ఒకే రోజు నేర్పకూడదు. ఎడమ–కుడి, ఎక్కువ–తక్కువ జంటగా నేర్పితే సులువని అనిపిస్తుంది కానీ, రెండూ కొత్తవైనప్పుడు ఏది ఏదో పిల్లలకు కలగాపులగమైపోతుంది. పదాలు నేర్చుకోవడం మీద దశాబ్దాలు పనిచేసిన న్యూజిలాండ్ పరిశోధకుడు పాల్ నేషన్ ఈ మాట గట్టిగానే చెప్పాడు. ముందు ఒకటి స్థిరపడాలి, కొన్ని వారాలాగి రెండోది తేవాలి. దిక్కు చెప్పే లెఫ్ట్‌నూ మిగిలిన లెఫ్ట్‌నూ ఒకే నెలలో నేర్పకపోవడమే మేలు.

తర్వాత మూడు ఖాళీ సుద్దముక్కల డబ్బాలు కావాలి. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లో జర్మన్‌లో రాసిన పుస్తకంలో చెప్పిన డబ్బాల పద్ధతికి ఇది కుదించిన రూపం. కొత్త కార్డులన్నీ మొదటి డబ్బాలో. దాన్ని రోజూ తియ్యాలి. చూడకుండా అర్థం చెప్పగలిగితే కార్డు రెండో డబ్బాకు వెళ్తుంది, దాన్ని బుధ, శనివారాల్లో తీస్తారు. అక్కడా దాటితే మూడోది, అది వారానికోసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. పరమపద సోపానపటంలో పాము మింగినట్టే, పిల్లలకు వేరే వివరించనక్కర్లేదు. పిల్లలు నలుగురేసి కూర్చుంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ముందు ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం, అది వచ్చాక తెలుగు చూసి ఇంగ్లీషు చెప్పడం. రెండోది ఎప్పుడూ కష్టమే, తొందరపెట్టకూడదు.

ఈ ఆటలో మోసాలు కూడా ఉన్నాయి, పిల్లలు కావాలని చేసేవి కావు. కార్డులు ఒకే వరుసలో వస్తుంటే మాట చదవకుండా వరుస చెప్పేస్తారు, అందుకని ప్రతిసారీ కలపాలి. మూల మడత పడిన కార్డు మొత్తం, సిరా మరక ఉన్నది తలా అని గుర్తుపెట్టుకుంటారు. బొమ్మ చూసి చెప్పేవాళ్లూ ఉంటారు. దీన్ని పట్టుకునే దారి ఒకటే. కార్డు మూసేసి పాఠ్యపుస్తకం తెరిచి, ఈ పుటలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనాలి. కార్డులో చెప్పి పుటలో చూపలేకపోతే, ఆ పిల్లకు వచ్చింది కార్డు, మాట ఇంకా రాలేదు.

తండాలోనో గూడెంలోనో ఉన్న బడికి పోతే కథ మారుతుంది. లంబాడీ పిల్ల ఇంట్లో అమ్మను యాడి అంటుంది, జొన్నరొట్టెను బాటి అంటుంది. ఆ పిల్లకు “మదర్–అమ్మ” అన్న కార్డు రెండు పరాయి మాటల కార్డు. ఈ సంగతి మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే పుస్తకాలు రాసి బడులు పెట్టాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, బంజారా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారయ్యాయి. ఆ దారిలో పోతే కార్డు వెనక రెండు గీతలు గీసి, పైన యాడి, కింద అమ్మ అని రాయాలి. టీచరుకు లంబాడీ రాకపోతే ఖాళీ ఉంచి, ఇంటికి పంపి, తల్లిని అడిగి రమ్మనడమే. మర్నాడు పిల్ల ఆ మాటను నోట్లో పెట్టుకొస్తుంది, టీచరు తెలుగు లిపిలో రాసుకుంటారు.

తెలుగు వైపు ఎంతకాలం ఉండాలన్న ప్రశ్న తల్లిదండ్రుల నుంచి తప్పక వస్తుంది. “ఇంగ్లీషు మీడియంలో వేస్తే ఇంకా తెలుగేంటి సార్?” అంటారు. కెనడాలో వలస కుటుంబాల పిల్లలను గమనించిన జిమ్ కమిన్స్ లెక్క ప్రకారం, ఆటస్థలం ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చేస్తుంది, పాఠం ఇంగ్లీషులో తోటివాళ్లను అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అక్కడ బడి బయట కూడా ఇంగ్లీషే. మన పల్లెలో బడి గేటు దాటితే అంతా తెలుగే. కాబట్టి తొందరపడి తెలుగు వైపు చెరిపేస్తే నష్టపోయేది పిల్లే. మూడో డబ్బాలో నాలుగు వారాలు నిలిచిన కార్డుకు మాత్రం వెనకవైపు తెల్లకాగితం అతికించవచ్చు. అనుమానం వస్తే ఆ కాగితం ఎత్తి చూసుకుంటారు, రానురాను ఎత్తడం మానేస్తారు.

చార్టులో మిగిలిన నాలుగు కార్డులు తప్పుల్లో పోకపోతే, అవి పిల్లలవే. తమకు కావలసిన మాట తామే తెచ్చుకోవాలని నియమం. అప్పుడు కార్డు తిరగబడుతుంది, తెలుగు ముందువైపుకొస్తుంది. వగరు అని ఎవరో తెస్తారు. పెద్ద నిఘంటువులో దానికి ఆస్ట్రింజెంట్ అని ఉంటుంది, మూడో తరగతి నోటికి అది మందుల షాపు మాట. టీచరు పచ్చి అరటికాయ బొమ్మ గీసి, వెనక ఇంగ్లీషులో “ద టేస్ట్ ఆఫ్ రా బనానా” అని రాసి డబ్బాలో వేస్తారు.